రెండు విమానాలు తక్కువైన గోల్డ్ కార్డు

మా బావమరిదికి బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డున రొయ్యపిల్లల హేచరీ ఉంది. ఆ పని మీద ఏడాదికి మూడు నాలుగుసార్లు మద్రాసు వెళ్లి విమానమెక్కుతాడు. ఒక డిసెంబరులో ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"బావా, ఈ ఏడు ఎనిమిది విమానాలెక్కినా. పదయితే విమాన కంపెనీవాళ్లు గోల్డ్ కార్డిస్తారంట. నెలాఖరే గడువు. బెంగుళూరు పొయ్యొచ్చేస్తా."

"బెంగుళూరులో పనేంది?"

"ఏం లేదు. దిగేది, మళ్లా ఎక్కేది."

ప్రతిసారీ అతన్ని విమానాశ్రయం దాకా సాగనంపేది నేనే కాబట్టి ఆ ప్రయాణాలన్నీ నా డైరీల్లో ఉన్నాయి. వాటిని తీసి, కార్డు ఇచ్చే సౌకర్యాలతో సరిచూశాను. అదనపు లగేజీ ఇస్తారు. అతను భుజాన సంచీ తప్ప ఏదీ మోయడు. చెక్-ఇన్ దగ్గర క్యూ ఉండదు. తడ చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆగి దారి మూసుకుపోతుందన్న భయంతో మేము నాలుగు గంటల ముందే చేరతాం, అప్పటికి కౌంటరే తెరవరు. ముందుగా విమానమెక్కనిస్తారు, ముందెక్కినవాడు ముందు చేరడు. లాంజి అనే విశ్రాంతి గదిలో కూర్చోబెట్టి భోజనం పెడతారు. నా డైరీలో ప్రతి ప్రయాణం పక్కనా "పులిహోర పొట్లం" అని రాసి ఉంది.

ఇదంతా చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నాడు.

"అయితే ఏంది బావా? మా మేత ఏజెంటు లాంజిలో సోఫా మీద కాలు మీద కాలేసుకోని ఫొటో పెట్టినాడు."

నేను డైరీలు మూసేశాను. వెళ్లాడు, విమానాశ్రయం బయట కాఫీ తాగాడు, సాయంత్రానికి తిరిగొచ్చాడు. గోల్డ్ వచ్చింది, మరుసటి ఏడాది చివరిదాకా చెల్లుతుందట.

ఆ మరుసటి ఏడాది మూడు ప్రయాణాలే పడ్డాయి. మొదటిసారి పోనూ రానూ వేళకు కుదిరింది వేరే కంపెనీ విమానాలే. అక్కడ ఈ కార్డు చెల్లలేదు, అవి లెక్కలోకీ రాలేదు. రెండోసారి తడ దగ్గర నిజంగానే ఆగిపోయి, ఆలస్యమై పరుగున ఎక్కాడు. మూడోసారి భార్యను వెంటబెట్టుకుని లాంజి గుమ్మం దాకా వెళ్లాడు. కార్డున్నవారికే ప్రవేశమనీ, తోడు వచ్చినవారికి లేదనీ చెప్పారు.

"పొండి, ఫొటో తీసుకోని రాండి. నేనీడే ఉంటా," అందట ఆమె.

లోపలికి వెళ్లినవాడు ఫొటో తీసుకోకుండానే రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశాడట. పొట్లం ఆమె దగ్గరే ఉంది మరి. ఇద్దరూ ఇనుప కుర్చీల్లో కూర్చుని తిన్నారు.

మళ్లీ డిసెంబరు వచ్చింది. మళ్లీ ఫోను పట్టుకుని వచ్చాడు, ఈసారి ఇద్దరూ వచ్చారు.

"బావా, గోల్డ్ నిలవాలంటే ఇంకా ఆరు విమానాలంట. డైరీ తియ్యబాకు."

నేను నోరు తెరిచేలోపే ఆమె అంది: "అన్నయ్యా, బెంగుళూరు మూడుసార్లు పొయ్యొచ్చే డబ్బుతో ఇంట్లోకి సోఫా కొనమను. దాని మీద నన్నూ కూర్చోనిస్తారు."

సంక్రాంతి లోపే సోఫా వచ్చింది. దాని మీద కాలు మీద కాలేసుకుని ఫొటో తీయించుకున్నాడు. తీసింది నేనే. మేత ఏజెంటుకు పంపింది ఆమె.