ఒక్కసారే తెగే బట్టకు షాట్ల పట్టీ

నల్లగొండ జిల్లాలో మొట్టమొదటి సినిమా తీసింది నేనే. కెమెరా మెడలో వేసుకుని, నలభై షాట్లు రాసుకుని, ఒక్క పూటలో అవగొట్టాను. కత్తెర ఆడుతుండగా దృశ్యాన్ని సగంలో ఆపి, మిగతా సగాన్ని దగ్గరి నుంచి తీసే ఉపాయం కూడా నాదే. ఈ మాట మనవలకు చెప్పాను, పెళ్లి బంతుల్లో పక్కవాళ్లకు చెప్పాను, ఒకసారి బస్సు కండక్టరుకు కూడా చెప్పాను. టికెట్ ఇస్తూ ఆయన ఊ కొట్టాడు.

కాగితం మీద పెడుతున్నాను గనక కొంచెం తగ్గిస్తాను. కెమెరా నా మెడలో లేదు, మా దోస్తు చేతిలో ఉంది. అరవైల్లో మేం నల్లగొండ హైస్కూలు వదిలాక నేను డిగ్రీలో చేరితే, వాడు బొంబాయి దిక్కు సినిమా చదువుకు పోయాడు. ఎండాకాలం సెలవులకు చావి తిప్పితే నడిచే చిన్న కెమెరాతో, రెండు రీళ్లతో చిట్యాల పక్కన వాళ్ల ఊరికి వచ్చాడు. ఒక్క దృశ్యం, మాటల్లేకుండా తీసి పట్టుకుపోవాలి. అది చూసి పాసో ఫెయిలో తేలుస్తారు. ఫెయిలైతే వాడి చదువు అక్కడితో ఆగినట్టే.

దృశ్యం వాడే రాశాడు, ఒక పేజీ. నందికొండ డ్యాం పనికి పోదామనుకున్న నేతగాడు తన ఆఖరి బట్ట నేసి మగ్గం నుంచి కోస్తాడు. రాట్నం ముందున్న కూతురు చూస్తుంది. అంతే. నేతగాడిగా వాళ్ల బాపు, కూతురుగా వాళ్ల అక్క. ఆ తండ్రీకూతుళ్లు రోజూ చేసే పనే. ఆ రోజు మగ్గం మీది బట్ట నిజంగానే అయిపోవచ్చింది. మరొకటి అయ్యేసరికి ఇరవై రోజులు, అప్పటికి కెమెరా వాపసు పోవాలి.

షాట్ల పట్టీ రాసే పని నాకిచ్చాడు, నా దస్తూరి బాగుంటుందని. నలభై కాదు, ఇరవై రెండు రాశాను. కథలో ఎట్లా ఉందో అదే వరసలో. వాడు చూసి తల పట్టుకున్నాడు.

“ఒక్కో రీలు మూడు నిమిషాలకు తక్కువ. గిన్ని షాట్లు ఏడ పడ్తయిరా? నువ్వు రాసింది సినిమా కాదు, పెండ్లి సామాన్ల పట్టీ.”

వాడే పెన్సిలుతో కొట్టేయడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి బాపు మొహం తీయాలని నేను రాసింది మొదట పోయింది. ఎందుకంటే బాపుకూ అక్కకూ మధ్య ఒక గీత ఉందనుకోవాలట, కెమెరా ఎప్పుడూ ఆ గీతకు ఒకే పక్క ఉండాలట. కిటికీ అవతలి పక్క పడుతుంది. అక్కడి నుంచి తీస్తే తెర మీద ఒకరినొకరు చూసుకోవలసిన ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నట్టు కనబడతారు. ఊరి దారి, ఎద్దుల బండి, కోడిపుంజు కూడా పోయాయి. కోడిపుంజుకు నేను చాలాసేపు వాదించాను.

మిగిలినవి ఎనిమిది. వాటిని కథ వరసలో కాక, కెమెరా పెట్టే జాగాను బట్టి కలిపి రాయమన్నాడు. ఉన్నది ముగ్గురం, వాడూ నేనూ చేతిగడియారం ఉన్న మరో దోస్తూ. మాటిమాటికీ కెమెరా మూడుకాళ్ల స్టాండు ఎత్తి దించితే పొద్దు గడిచిపోతుంది. పైగా వెలుతురు కోసం మగ్గానికి సరిగ్గా పైన ఇంటికప్పు పెంకులు నాలుగు తీశాం. ఆ ఎండ మగ్గం మీద ఉండేది పది నుంచి పన్నెండు దాకానే.

కాబట్టి నేను బుద్ధిగా గడప దగ్గరివన్నీ ముందు రాశాను. గది మొత్తం, బట్ట కోయడం, ఖాళీ మగ్గం. తర్వాత మగ్గం దగ్గరివి. మగ్గం కింది గుంటలో తొక్కే కాళ్లు, దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే నాడె విసిరే చెయ్యి, బాపు మొహం, కోత మళ్లీ దగ్గరగా. ఆఖర్న రాట్నం తిప్పే అక్క. పొద్దున చాయ తాగుతూ గట్టిగా చదివాను.

బాపు గ్లాసు కింద పెట్టాడు. “ముందుగాల్నే కోస్తే ఇగ నాడె దేని మీద ఇసర్తరా?”

నేను పట్టీ మీద వేలు పెట్టి మళ్లీ చూసుకున్నాను.

“మళ్ల రెండుసార్లు కోసుడేంది? ఒక్కసారే తెగుతది బట్ట.” కొడుకు దిక్కు తిరిగాడు. “వానికంటె తెల్వదు. నువ్వు మగ్గం గుంటల పెరిగినోనివి గదరా!”

అక్క పక్కున నవ్వింది. “చదువు ఎక్కువైంది బాపూ.”

దోస్తు చెవులు ఎర్రబడ్డాయి. పట్టీ మళ్లీ రాశాం. కోతా ఖాళీ మగ్గమూ ఆఖరుకు పోయాయి, అందుకు ఒకసారి గడపకు వాపసు రావాల్సిందే. ఇక కోత దూరం నుంచా, దగ్గర నుంచా? నేను పాత తువ్వాల కట్టి రెండోసారి కోద్దామన్నాను. అక్క నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చివరికి దోస్తు దూరానికే ఒప్పుకున్నాడు. బాపూ అక్కా ఒకే చట్రంలో ఉంటేనే కథ తెలుస్తుంది, దగ్గరి కత్తెర వదులుకోవాలి. వదులుకుంటున్నప్పుడు వాడి మొహం చూడలేకపోయాను. వాడికి కావలసింది ఆ దగ్గరి షాటే.

గుంటలో కాళ్లూ, నాడె విసురూ, రాట్నం మీద ఆగిన అక్క చెయ్యీ, ఆమె చూపూ బాగా వచ్చాయి. పదకొండున్నరకు గడపకు వచ్చాం. పొద్దున ఉత్త చేత్తో కోసినట్టు చేయించి చూస్తే పదిహేను సెకన్లు పట్టింది, పట్టీలో అదే రాశాను. కెమెరా చావి నిండా తిప్పితే అర నిమిషానికి కాస్త తక్కువ నడుస్తుంది. సరిపోతుందనుకున్నాం.

కానీ నిజంగా కోసే ముందు బాపు బిగువుగా ఉన్న పడుగు దారాలు వదులు చేశాడు. కెమెరా గిర్రుమంటుండగానే కత్తెర తీసి కళ్లకద్దుకున్నాడు, మగ్గానికి దండం పెట్టాడు. ఉత్త చేతికి దండమెందుకు పెడతాడు? అప్పుడు కత్తెర వేశాడు. బట్ట సగం తెగేసరికి కెమెరా గిర్రుమనడం ఆగిపోయింది. బాపు చెయ్యీ ఆగింది. దోస్తు ఒక్క క్షణం నిలబడి, స్టాండు ఎత్తుకుని మగ్గం దగ్గరికి ఉరికాడు. బాపు కత్తెర తెగిన చోటనే ఉంచి కదలకుండా కూర్చున్నాడు. ఎండ బట్ట అంచుకు జరిగిపోతున్నది. మిగతా సగం దగ్గరగా తీశాం. రెండు సగాల నడుమ అక్క చూపు పెట్టి అతికిస్తే అతుకు కనబడలేదట. వాడు పాసయ్యాడు. కోతను అట్లా పంచాలని ఎవరికి తట్టిందని వాళ్ల పంతులు అడిగాడట.

నాకు తట్టిందని యాభై ఏళ్లు చెప్పుకున్నాను. అది అబద్ధం. ఉపాయం దోస్తుది. దండం కారణంగా చావి అయిపోతే, నిలబడ్డచోటనే వాడికి తట్టింది.

ఇంతవరకు రాసి మొన్న చిట్యాల పోయి అక్కకు చదివి వినిపించాను. ఆమెకు కళ్లు సరిగా ఆనడం లేదు గానీ చెవులు బాగున్నాయి. ఆఖరు దాకా విన్నది.

“తప్పు దండం మీదికి నూకకు. చావి తిప్పుడు ఎవలి పనిరా?”

“నాదే అక్కా.”

“జామకాయ తినుకుంట సగమే తిప్పినవ్. నేను చూసిన. సప్పుడు ఆగంగనే బాపు చెయ్యి ఆపిండు. గాయిన ఆపకపోతే మా తమ్ముడు ఏం తీస్తుండె, నీ మొహమా?”