ఫ్రీగా చేయించుకున్నావిడ

జూబ్లీహిల్స్‌లో సెలూన్ నడిపిన ఏళ్లలో నాకు బాగా తెలిసొచ్చింది ఒకటే. బేరమాడేది లేనివాళ్లు కాదు. కృష్ణానగర్ నుంచి ఆటోలో వచ్చే డ్యాన్సర్ అమ్మాయి ముందే రేటు అడిగేది. కుదిరితే కూర్చునేది, కుదరకపోతే "వచ్చే నెల వస్తానక్కా" అని వెళ్లిపోయేది. కక్కుర్తంతా ఫిల్మ్‌నగర్ నుంచి డ్రైవర్‌ని పెట్టుకుని వచ్చేవాళ్లదే.

వాళ్లలో ఒక నిర్మాత భార్య ఉండేది. మొదటిసారి వచ్చినప్పుడు జుట్టంతా రంగు వేయించుకోవాలంది. పొడవు చూసి రేటు చెప్పాను.

"మా ఇంట్లో హీరోయిన్లు భోంచేస్తారమ్మా. నేనొక్క మాట చెప్తే నీ సెలూన్ ముందు లైను కడతారు. సగం తీసుకో" అంది, హాలంతా వినిపించేలా.

ఇలాంటి వాళ్లతో కౌంటర్ దగ్గర వాదించకూడదు. కుర్చీల్లో ఉన్నవాళ్లు కళ్లు మూసుకున్నా చెవులు మూసుకోరు. అందుకే నవ్వుతూ లోపలి గదిలోకి తీసుకెళ్లాను.

"రేటు తగ్గదండీ, పని తగ్గించుకోవచ్చు. పాపిడి దగ్గర తెల్లబడిన మేరకే వేస్తే తక్కువవుతుంది. పూర్తిగా కావాలంటే రేటు ఇదే. ఖాళీగా ఉండే మంగళవారం పొద్దున వస్తే తల మర్దన నా తరఫున చేయిస్తాను."

పైన ఏదైనా చేసిపెడితే మర్యాద అనుకుంటారు. రేటు తగ్గిస్తే నిన్నటిదాకా దోచుకున్నామనుకుంటారు. ఆవిడ మూతి ముడుచుకుని, చివరికి పూర్తి రేటుకే చేయించుకుని వెళ్లింది. గెలిచాననుకున్నాను.

వారం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి.

"అక్కా, ఆ ప్రొడ్యూసర్ మేడమ్‌కి ఫ్రీగ చేసిండ్రంట గద, మాకు గూడ చేస్తరా అని అడుగుతుండ్రు. ఏం చెప్పాలె?" అంది మా రిసెప్షన్ అమ్మాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బు కట్టి చేయించుకున్నానని చెప్పుకోవడం ఆ ఫిల్మ్‌నగర్ కొండమీద నామోషీ. ఊరికే చేసిపెట్టారంటే అదీ హోదా. పైన పటారం, లోన లొటారం. పోనీ నిజం చెబుదామా అంటే, ఒకరు కట్టింది ఇంకొకరికి చెప్పే సెలూన్‌కి మళ్లీ ఎవరొస్తారు? ఊరుకుంటే పూర్తి రేటు కట్టే నా పాత కస్టమర్లు తాము వెర్రివాళ్లమా అనుకుంటారు. వాళ్లు జారిపోతే సెలూన్ మూసుకోవడమే.

"అందరికీ ఒకటే రేటు మేడమ్ అను. నవ్వుతూ అను" అని చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

ఆవిడ మళ్లీ వచ్చింది. ఈసారి శ్రీనగర్ కాలనీ నుంచి ఓ స్నేహితురాలిని వెంటబెట్టుకుని. ఇద్దరికీ పక్కపక్క కుర్చీల్లో రంగు వేస్తున్నంతసేపూ "ఇక్కడ నా దగ్గర పైసా తీసుకోరు" అంటూనే ఉంది. మా స్టైలిస్టు అద్దంలోంచి నా వంక చూశాడు. కానివ్వమని సైగ చేశాను.

స్నేహితురాలు తల కడిగించుకునే వేళకి ఆవిడ లోపలి గదిలోకి దూరింది. నుదుటి మీద చెమట.

"అమ్మా, నాదంతా ఇక్కడే తీసేసుకో. తగ్గించొద్దులే. బయట మాత్రం మీరెందుకండీ కట్టడం అను. నీకు పుణ్యముంటుంది."

జాలి పడాల్సిందేమో. పడలేదు. సగానికి అడిగిన నోరే ఇప్పుడు పూర్తిగా ఇస్తానని బతిమాలుతుంటే లోలోపల సంతోషంగానే ఉంది.

"నేనా మాట అంటే రేపు మీ ఫ్రెండ్ కూడా ఊరికే చేయమంటారండీ. బయట కౌంటర్ దగ్గరే కట్టాలి" అన్నాను.

"పరువు పోతుందమ్మా!"

"ఎందుకు పోతుంది? ఆవిడది కూడా మీరే కట్టేయండి. ఫ్రెండ్‌ని తీసుకొచ్చి చేయించినట్టుంటుంది. అప్పుడు మీ గురించి ఎవరేమంటారు?"

ఆవిడ నన్ను మింగేసేలా చూసింది. ఆ తర్వాత అద్దంలో చూసుకుని బొట్టు సరిచేసుకుంది. నేనూ ఆవిడ వెనకే వచ్చి కౌంటర్ పక్కన నిలబడ్డాను.

"ఇద్దరిదీ నాదే" అంటూ ఆవిడ కార్డు తీసింది. ఆ గొంతు మళ్లీ హాలంతా వినిపించింది.

స్నేహితురాలు తెల్లబోయింది. "అదేంటే, నీ దగ్గర తీసుకోరన్నావుగా?"

"ప్రతిసారీ ఊరికే చేయించుకుంటే ఏం బాగుంటుంది? వాళ్లూ బతకాలిగా."

నేను చేతులు జోడించాను. నవ్వు ఆపుకోవడానికి అంతకంటే మంచి ఉపాయం తోచలేదు. స్నేహితురాలు మాత్రం వదల్లేదు. ఆవిడ చెవి దగ్గరికి వంగి, "పోనీ, ఇద్దరం వచ్చాం కదా, కొంచెం తగ్గించమని అడగవే" అంది.

నిర్మాత భార్య ఆమెను ఎగాదిగా చూసింది.

"ఛీ! ఇలాంటి చోట బేరమాడతారటే ఎవరైనా?"