కప్పు మీద వేయాల్సిన మాట

సెల్‌ఫోన్లు పల్లెలకు పాకిన రోజుల్లో ఒంగోలు దగ్గర ఓ ప్రైవేటు డెయిరీ ల్యాబులో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. ల్యాబు పెద్ద ఒక మేడం. మాట మెత్తన, పట్టు గట్టి.

ఆ ఏడు మా యజమాని ప్రోబయోటిక్ పెరుగు, అంటే కడుపుకు మేలు చేసే బాక్టీరియా బతికుండే పెరుగు, తేవాలనుకున్నారు. మామూలు తోడుతో పాటు బయట కొన్న ఆ బాక్టీరియా కల్చరు కూడా కలిపి కప్పుల్లో నింపాం. తాజా కప్పు పరీక్షిస్తే ప్లేటు నిండా తెల్లటి చుక్కల్లా ఆ బాక్టీరియా గుంపులు, కాలనీలు వచ్చాయి. నేను ఎగిరి గంతేశాను.

"ఇంకేం మేడం, మూతల మీద ప్రోబయోటిక్ అని వేయించొచ్చు."

"జనం ఇవాళే తినరుగా. గడువు చివరి రోజున చూడాలి. అది కూడా మన ఫ్రిజ్‌లోది కాదు, కొట్లోది."

అప్పటికి మంచి ఎండాకాలం. పొదిలిలో ఒక కొట్టుకు కప్పులు పంపి, గడువు ఆఖరి రోజున మేడమే బస్సెక్కి వెళ్లి, ఐసు పెట్టెలో వెనక్కి తెచ్చారు. అక్కడ రోజూ మధ్యాహ్నమంతా కరెంటు ఉండదట. మూత తీయగానే పులుపు ముక్కుకు తగిలింది.

ఆ పెరుగును పలచన చేసి, మేం కలిపిన రకం మాత్రమే పెరిగే మేత, మీడియం మీద పోసి, గాలి తగలని జాడీలో పెట్టి, మూడు రోజులు ఆగాం. అక్కడొకటి, ఇక్కడొకటి తప్ప కాలనీలు లేవు. తోడు బాక్టీరియాకు వేరే ప్లేట్లు పెట్టాం. అవి మాత్రం నిండుగా ఉన్నాయి.

"బతికున్నవి ఉన్నాయిగా మేడం?" అన్నాను.

"అవి ఏ పెరుగులోనైనా ఉంటాయి. మేలు చేస్తుందని తేలిన రకం, తినే రోజుకి కూడా చాలినంత బతికుంటేనే ఆ మాట వేయాలి. ఎండ వేడిలో తోడు బాక్టీరియా పని ఆగలేదు. పులుపు పెరిగి మనం వేసింది చచ్చిపోయింది."

యజమాని మిర్చి రైతు కొడుకు, గొంతు పెద్దది. "ఏందమ్మా ఇది! మూతలు అచ్చుకి ఇవ్వాల. ఎవురు చూడొచ్చారు?"

"నేను చూశానండి," అన్నారు మేడం. మేం వేసిన రకం ప్లేటు, తోడు ప్లేటు రెండూ ఆయన ముందుకి జరిపారు.

ఆయన వాటిని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశారు. మంచి మిర్చిలో తాలుకాయ కలిపి అమ్మే రకం కాదాయన. "అయితే ఏం చేద్దాం చెప్పమ్మా," అన్నారు చివరికి.

వ్యానుకు చల్లటి పెట్టెలు వచ్చాయి. గడువు తగ్గింది. కరెంటు పోయినా చల్లదనం నిలిచే పెట్టెలున్న కొట్లకే సరుకు ఇచ్చాం. మళ్లీ పొదిలి నుంచి కప్పులు తెప్పించి, మళ్లీ ప్లేట్లు పోశాం.

ఈసారి జాడీ మూత నేనే తీశాను. ప్లేటు నిండుగా ఉంది. మేడం మాత్రం తొందరపడలేదు. చుక్కలన్నీ లెక్కపెట్టి, ఒక కాలనీ సూదితో తీసి రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూశాకే సంతకం చేశారు. మూత మీద ప్రోబయోటిక్ అని, రకం పేరు, 'చల్లగా ఉంచండి' అన్న మాట పెద్దక్షరాల్లో వేయించారు.

ఆ తర్వాత నేను చాలా ల్యాబుల్లో పనిచేశాను. ఆఖరి రోజు కప్పు కోసం ఎండలో బస్సెక్కిన పెద్ద ఇంకొకరు కనబడలేదు.