నేల అలికిన మరునాడు

మా అక్కకు ఏ జబ్బూ లేదని సంఘ పెద్దలు తేల్చిన రోజున ఆమె నవ్వుతూ బడికి వచ్చింది. వాళ్ళకు ఆ నవ్వే సాక్ష్యమైంది.

అంతకు ముందురోజు ప్రార్థన మందిరం నేలంతా ఆమె ఒక్కతే పేడతో అలికింది. మరునాడు పొద్దున్న తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, మిషను బడి వరండాలో ఆడపిల్లల చేత అక్షరాలు దిద్దిస్తోంది. సంఘంలో ప్రార్థనలు నడిపే ఉపదేశిగారు ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వచ్చారు. నేను బడి పక్కనే, అక్కకు మిషను వారిచ్చిన ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాను.

"ఏమండీ పంతులమ్మగారూ, కులాసాయేనా?"

"బాగానే ఉన్నానండి. రేపటి సంగతే చెప్పలేను."

"రేపటి మాట దేవుడెరుగునండి. ఇవాళ్టి సంగతి మేం చూస్తున్నాం కదా!" ఆయన పెద్దల వైపు తిరిగారు. "చూశారా? నిన్న అంత నేల అలికారు. ఇవాళ పెళ్ళివారింటికి వెళ్ళేలా ఉన్నారు. మరి ఇన్నాళ్ళూ ఆ నొప్పులన్నీ ఎక్కణ్ణించి వచ్చాయంటారు?"

పెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "మిషను దొరగారు పడవ మీద పల్లెలు తిరిగి వచ్చేదాకా మీరు బడికి రావద్దండి అమ్మగారూ. తరవాత ఆయన చిత్తం."

అక్క పిల్లలను ఇళ్ళకు పంపి, చాప చుట్టి గోడకు ఆనించి, మెల్లగా నడిచి ఇంటికి వచ్చింది. నడక బాగానే ఉంది. అది కూడా వాళ్ళు చూశారు.

ఇది పాలకొల్లుకు పడవలో ఒక పూట దూరాన, కాలువ ఒడ్డునున్న ఊళ్ళో జరిగింది. నేను చెన్నపట్నంలో ఒక దినపత్రికలో చాలా ఏళ్ళు పనిచేసి, ఆ పత్రిక మూతపడితే అక్క దగ్గరికి వచ్చి ఉన్నాను. అక్క భర్త లేని మనిషి, పిల్లలు లేరు. ఆమెకు ఉన్నది ఆ బడి. బడి ఉన్నంత కాలమే ఆ ఇల్లు.

ఆ జబ్బు ఒక విషజ్వరం తరువాత పట్టుకుంది. జ్వరం పోయింది, నొప్పులు మిగిలాయి. మెడ, భుజాలు, నడుము, తొడలు, మోచేతుల పైకండలు. ఇవాళ ఇక్కడ ఎక్కువ, రేపు అక్కడ ఎక్కువ. అసలు లేని రోజు లేదు. ఎక్కడా వాపు లేదు, ఎరుపు లేదు. పలకరింపుగా ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడేది. రాత్రి పడుకునేది, నిద్ర పట్టేది కూడా. తెల్లవారి లేస్తే మాత్రం రాత్రంతా ఎవరో కుప్ప నూర్పించినట్టు ఉండేదని చెప్పేది. మధ్యాహ్నానికి మాట దొరికేది కాదు. పద్యంలో సగం చదివి మిగతా సగం కోసం వెతుక్కునేది. పిల్లలు అందించేవాళ్ళు.

రాజమహేంద్రవరంలో మిషను ఆసుపత్రి దొరసాని డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆవిడ కీళ్ళన్నీ వంచి చూసింది. కీళ్ళు బాగున్నాయంది. తరువాత వేలితో మెడ వెనక, భుజాల మీద, తుంటి దగ్గర, మోకాలి లోపలి వైపు నొక్కింది. నొక్కిన చోటల్లా అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కండల వాతం, నరాల నీరసం అని ఆవిడ తీర్పు. వారాల తరబడి మంచం దిగకూడదని ఆజ్ఞ. అక్క అక్షరాలా పాటించింది. మంచం దిగిన నాడు గుమ్మం దాటడానికి నా చెయ్యి కావలసి వచ్చింది. నొప్పి తగ్గకపోగా ఉన్న బలం కూడా పోయింది.

పాలకొల్లు వైద్యుడు వంకాయ, చింతపండు మాన్పించి, తైలం ఇచ్చి, గట్టిగా మర్దన చేయించమన్నాడు. ఒక్కరోజు మర్దనకే అక్క కేకలు వీధిలోకి వినిపించాయి. ఆ తరువాత తైలాన్ని తనే గోరువెచ్చగా, ఒత్తకుండా అద్దినట్టు రాసుకుని వేన్నీళ్ళు పోసుకునేది. అది కాస్త హాయి. అంతకు మించి ఏమీ కాదు.

చివరికి ఆమె తన దారి తనే చూసుకుంది. నిండు బిందె ఎత్తడం మానేసి సగం బిందె తెచ్చేది, మధ్యలో కాసేపు కూర్చుని మళ్ళీ వెళ్ళేది. ఇల్లంతా ఒకేసారి ఊడ్చేది కాదు, పొద్దున్న వంటిల్లు, సాయంత్రం ముందు గది. బియ్యం కూర్చునే కడిగేది, ఎసరు మరిగేదాకా వెల్లకిలా పడుకునేది. బడిలో ఒక పాఠం నిలబడి చెబితే తరువాతిది ముక్కాలిపీట మీద. సాయంత్రం కాలువ గట్టున లాకుల దాకా నడక. బాగున్న రోజునా అంతే, బాగాలేని రోజునా అంతే. కొన్ని నెలలు పోయాక లాకులు దాటి ఒక తుమ్మచెట్టు దాకా పెంచింది. నిద్ర పట్టినా పట్టకపోయినా ఒకే వేళకు దీపం ఆర్పేది.

ఒక పొద్దున్న ఒళ్ళు తేలికగా ఉందని తనే అంది. అయినా సగం ఉతికిన బట్టలు అలాగే వదిలి లేచింది. నాకు వింతగా తోచింది.

"ఓపిక ఉందంటివి కదే, ఆ నాలుగూ ఉతికెయ్యరాదూ?"

"ఓపిక ఉన్నప్పుడే ఆపాలిరా. అయిపోయాక ఆపితే అది ఆపడం కాదు, పడిపోవడం. ఇవాళ నలుగురిలా పని చేశాననుకో, రేపు బాగానే ఉంటాను. ఎల్లుండి వసూలు చేస్తుంది."

ఆమె చెప్పింది నేను వెనకటి రోజులతో సరిచూసుకున్నాను. నిజమే. ఒళ్ళు వంచి ఎక్కువ పని చేసిన మరునాడు చాలాసార్లు మామూలుగానే ఉండేది. ఆ తరువాతి రోజు మంచానికి అతుక్కుపోయేది. సగంలో ఆపే ఈ పద్ధతి వల్ల నొప్పి పోలేదు. కానీ అది మొదలుపెట్టాక ఏడాదికి పైగా ఒక్కరోజు కూడా బడి మానలేదు. పిల్లలు పరీక్షలో నెగ్గారు. తనకు జబ్బు నయమైందని ఆమె ఎవరితోనూ అనలేదు.

లోకం ఓర్వలేకపోయింది దాన్నే. మూలుగుతూ మంచాన పడుంటే గంజి పోసేవాళ్ళు. నవ్వుతూ సగం పనిలో లేచి వచ్చేసేదాన్ని ఏమనాలో వాళ్ళకు తెలియలేదు.

మా సంఘంలో కోతల పండుగకు ముందు మందిరం నేలను ఆడవాళ్ళంతా కలిసి అలుకుతారు. ఇంటికొక వరస. దేవుని నేలకు చెయ్యి వెనక్కి తీయడం పాపంతో సమానం. ఆ ఏడు అక్క తన వరసలో సగం అలికి, చేతులు కడుక్కుని, తలుపు దగ్గర నీడలో కూర్చుంది. ఒక సంఘ పెద్దగారి భార్య పక్క వరసలో ఉంది.

"ఏంటి వదినా, అప్పుడే అలిసిపోయారా? మొహం చూస్తే కళకళలాడిపోతోంది!"

"మిగతాది కాస్త ఆగి చేస్తానమ్మా."

"ఆగి ఆగి చేస్తే పేడ ఎండిపోద్ది వదినా. దొరసాని దగ్గర వైద్యం చేయించుకుంటే దొరసాని అలవాట్లు కూడా వస్తాయి కాబోలు."

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. కాసేపటికి లేచి మిగతా సగం అలికింది. అది ఎవరికీ గుర్తులేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆ మాట పెద్దల ముందుకు వచ్చింది. ఆరాధనలో ఆమె కూర్చునే పాడుతుందని ఇంకొకరు కలిపారు. పిల్లలకు సోమరితనం నేర్పుతోందని మరొకరు. ఉపదేశిగారు తీర్పరిలా చెయ్యెత్తారు.

"గొడవెందుకండీ? పండుగ అయింది, నేలంతా తొక్కిడి పడి పెచ్చులు లేచింది. పంతులమ్మగారు ఒక్కరే మళ్ళీ అలకనివ్వండి. అలకలేకపోతే జబ్బని నమ్ముదాం. అలికితే మనకే తెలుస్తుంది."

"అలకడం చేతకాదని తేలితే?" అని నేను అడిగాను.

"జబ్బు మనిషి బడి ఎలా నడుపుతారండీ? దొరగారితో చెప్పాల్సి వస్తుంది."

పత్రికలో ఇలాంటి న్యాయాలు చాలా అచ్చువేశాను. మా ఇంటి గుమ్మంలోకి రావడం అదే మొదలు.

ఇంటికి వచ్చాక వద్దన్నాను. అక్క వినలేదు. "దేవుని నేల అలకనంటే ఈ ఊళ్ళో నా దగ్గరికి పిల్లల్ని పంపుతారట్రా? అలికేస్తాను. అలికిన మూడోనాడు నేను ఎలా ఉంటానో వాళ్ళే వచ్చి చూస్తారు." అప్పుడే వెళ్ళి ఉపదేశిగారికి ఆ మాట చెప్పింది. "అలుకుతానండి. కానీ అలికిన మరునాడు కాదు, ఆ తరువాతి రోజు వచ్చి చూడండి. నా ఒంటి తీరు అది."

ఆయన నవ్వారు. "మరునాడే వస్తామండి. రెండ్రోజులు టైమిస్తే మూలుగు సాధన చేసుకోవచ్చు కదా!"

అక్క నేలంతా అలికింది. మొదట చెప్పిన ఉదయం ఆ మరునాటిదే.

అలికిన మూడోరోజు అక్క మంచం మీంచి లేవలేదు. జడ వేసుకోవడానికి చేతులు తలదాకా రాలేదు. దుప్పటి బరువు కూడా భరించలేకపోయింది. కిటికీలోంచి వచ్చే వెలుతురుకు కళ్ళు మూసుకుంది. నేను ఉపదేశిగారి ఇంటికి వెళ్ళి, వచ్చి చూడమన్నాను. ఆయన భోజనం దగ్గర ఉన్నారు.

"బడి పోయిందన్న దిగులండీ అది. పాపం, ఎవరికైనా ఉంటుంది. ప్రార్థన చేస్తాం."

బడికి రావద్దన్న పెద్దగారి ఇంటికి వెళ్ళాను. అక్కడా అదే మాట, ప్రార్థన ఒక్కటే తక్కువ. ఎవరూ రాలేదు. వచ్చిందల్లా బడిపిల్లల్లో ఒకతె తల్లి, చేపలమ్ముకునే మనిషి. తలుపు దగ్గర నిలబడి చూసి, "ఇంత ఇదిగా ఉందేంటి పంతులమ్మగారూ! మొన్న నవ్వుతున్నారే!" అంది. ఊళ్ళో ఆ మాట చెప్పిందో లేదో. చెప్పినా ఎవరు వింటారు?

ఆ పడిపోవడం నుంచి తేరుకోవడానికి వేసవి దాకా పట్టింది. ఏడాది కష్టపడి తుమ్మచెట్టు దాకా పెంచుకున్న నడక ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చింది. మళ్ళీ గుమ్మం నుంచి మొదలుపెట్టింది. మధ్యలో నాతో ఒక్కసారే కోపంగా మాట్లాడింది. "వాళ్ళు నన్ను అబద్ధాలకోరు అన్నందుకు కాదురా. నేను కూడబెట్టుకున్నదంతా ఒక్క పూటలో నేల మీద పోయించారు."

దొరగారు పల్లెల నుంచి తిరిగి వచ్చారు. మంచివారు, అంతా ఓపికగా విన్నారు. డాక్టరమ్మ మాటను బట్టి నిర్ణయిస్తానన్నారు. ఆవిడ అప్పటికే స్వదేశం వెళ్ళిపోయింది. ఆమె స్థానంలో వచ్చిన డాక్టరు అక్కను చూసి, వాపూ జ్వరమూ లేవు కనుక జబ్బుందని చెప్పలేననీ, ఇంత నొప్పి పడుతున్న మనిషికి జబ్బు లేదని కూడా చెప్పలేననీ అన్నాడు. దొరగారు పై వారికి రాస్తానని చెప్పి, ఎండలు ముదరగానే చల్లదనానికి కొండల మీదికి వెళ్ళారు.

ప్రస్తుతం బడి ఉపదేశిగారి భార్య నడుపుతోంది. ఇల్లు ఖాళీ చెయ్యమని మాకు ఎవరూ చెప్పలేదు, ఉండమని కూడా చెప్పలేదు. అక్క పంతులమ్మో కాదో తేల్చే జవాబు ఇంకా రాలేదు.