బిర్యానీ అని రాసి పంపిన నాలుగు వేల డాలర్లు

నేను చదువుకున్నది ఏడో తరగతి. మిగతా చదువంతా ఈ దేశంలో ఫారాలు నేర్పాయి. పెట్రోలు బంకులో పద్దెనిమిదేళ్ళు కౌంటరు వెనక నిలబడి, బేరం లేని వేళల్లో ఇమ్మిగ్రేషన్ ఫారాల వెనకుండే సూచనల కాగితాలు చదివాను. వాటిని అంత శ్రద్ధగా చదివిన మనిషి రాసినవాడు కాక నేనొక్కణ్ణే అయి ఉంటాను. అందుకని పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్లలో ఉండే మాస్టర్స్ పిల్లలు ఏ కాగితం వచ్చినా మా తలుపే కొడతారు. కాగితం రాకముందు ఒక్కడూ కొట్టడు.

ఆ అమ్మాయీ అలాగే వచ్చింది. మా కింద వాటాలో ఉండేది. చదువు అయ్యాక మూడేళ్ళు ఉద్యోగం చేసింది, హెచ్ వన్ వీసా లాటరీలో ప్రతి ఏడూ పేరు వేసింది, ప్రతి ఏడూ రాలేదు. చివరికి బ్రిటన్‌లో ఒక కంపెనీ ఉద్యోగమిస్తానంటే అక్కడి వీసాకి ఇక్కణ్ణుంచే అప్లై చేసింది. ఇప్పుడు చేతిలో ఫోను, ఫోనులో తిరస్కరణ ఉత్తరం.

"అంకుల్, రిజెక్ట్ చేసిర్రు. ఇగ నాకేం సమజైతలేదు."

ఉత్తరం చదివాను. ఎంత మర్యాద! మీ దరఖాస్తును జాగ్రత్తగా పరిశీలించామట. అక్కడికి వెళ్ళేవాళ్ళు తమ ఖర్చుకి పన్నెండువందల డెబ్భై పౌండ్లు వరసగా ఇరవై ఎనిమిది రోజులు బ్యాంకులో ఉన్నట్టు చూపించాలి. ఈ పిల్ల ఖాతాలో ఇరవై అయిదు రోజులు ఉన్నాయి. మూడు రోజులు లేవు. ఆ మూడు రోజులూ తొమ్మిది వందల డాలర్లే కనిపిస్తున్నాయి.

"మంగళవారం నాలుగు వేల పైన ఎవరికో పంపావు. జీతం శుక్రవారం పడింది. ఎవరికమ్మా?"

"అన్నకి."

అన్న అంటే సొంత అన్న కాదు. అంతకుముందు ఏడాది మా పక్క బిల్డింగులో ఉండి, తరవాత టెక్సస్‌లో ఇర్వింగ్‌కి మారిన ఒక కన్సల్టెంటు. మనవాళ్ళలో ఒక గొప్ప ఆచారం ఉంది. కొత్త క్రెడిట్ కార్డు తీసుకుంటే మూడు నెలల్లో నాలుగు వేల డాలర్లు గీకాలి, గీకితే బోనస్ పాయింట్లు. అంత ఖర్చు ఎవరికుంటుంది? కాబట్టి పెద్ద ఫీజు కట్టాల్సినవాళ్ళెవరా అని వాట్సాప్ గ్రూపులో వల వేస్తారు. నీ ఫీజు నా కార్డు మీద కడతాను, డబ్బు నాకు పంపు. పాయింట్లు నావి, పుణ్యం నీది. ఈ అన్న ఇంకా జాగ్రత్తపరుడు. డబ్బు ముందు పంపితేనే గీకుతాడు. ఆ ముందు పంపడంలోనే అమ్మాయి ఖాతా మూడు రోజులు కిందకి దిగింది.

"కట్టిందేమిటి?"

"హెల్త్ సర్‌చార్జ్ అంకుల్. మూడేండ్లది."

బ్రిటన్ వాళ్ళ పద్ధతి అది. మనం అక్కడ తుమ్మకముందే, తుమ్ముకి వైద్యం ఖర్చు ఏడాదికి వెయ్యిన్నీ ముప్ఫై అయిదు పౌండ్ల చొప్పున వీసా మొత్తానికీ ఒకేసారి కట్టించుకుంటారు. అప్లికేషన్ ఫీజు వేరే. ఆ ఫీజు ఈమె తన కార్డు మీదే కట్టింది. దాన్ని అన్న పట్టించుకోలేదు, బోనస్‌కి సర్‌చార్జే సరిపోయింది.

"రెండూ వాపస్ వస్తయా?"

"సర్‌చార్జ్ వస్తుంది. వీసా ఇవ్వకపోతే వాళ్ళే తిప్పి పంపుతారు, నువ్వు అడగక్కర్లేదు. అప్లికేషన్ ఫీజు మాత్రం రాదు. వేలిముద్రలు ఇవ్వకముందు వెనక్కి తీసుకుని ఉంటే వచ్చేది. వేలు ఆనించాక అది వాళ్ళది. నిన్ను కాదనడానికి వాళ్ళు పడిన శ్రమకి కూలి అనుకో."

"ఫీ వేవర్ లాంటిది ఏం లేదా?"

"ఆస్పత్రుల్లో పనిచేసే వీసా మీద వెళ్ళేవాళ్ళకి సర్‌చార్జ్ ఉండదు. నువ్వు నర్సువా? కంప్యూటరుకి జ్వరమొస్తే చూస్తావు, అది లెక్కలోకి రాదు."

వేవర్ అనే మాట వింటే నాకు కడుపులో మంట. బంకు మూతపడి, రాష్ట్రం వాళ్ళిచ్చే ఉచిత వైద్యం కార్డు మీద బతుకుతున్న రోజుల్లో నేను ఈ దేశపు పౌరసత్వానికి పెట్టాను. పేదవాడికి ఫీజు మాఫీ ఉంది, దానికో ఫారం ఉంది. అందరూ కంప్యూటర్లో పెట్టుకుంటుంటే మాఫీ అడిగేవాడు కాగితం మీదే పెట్టాలి, పేదరికానికి ఆ మాత్రం బరువుండాలి కదా. వైద్యం కార్డు జిరాక్స్ జతచేసి పంపాను. ఆరు వారాలకి నా కట్ట మొత్తం నాకే తిరిగొచ్చింది. కార్డు మీద తేదీ లేదట. నేను ఇప్పటికీ పేదవాణ్ణేనని ఎలా తెలుస్తుందట? కౌంటీ ఆఫీసులో రెండు గంటలు కూచుని, పేరు, పథకం, ప్రస్తుతం పొందుతున్నాడు అనే మాట, తేదీ అన్నీ ఉన్న ఉత్తరం తెచ్చి మళ్ళీ పంపితే అప్పుడు నమ్మారు. కట్టని ఫీజుకి కూడా రసీదు నోటీసు వచ్చింది. అది నా దగ్గరుంది. కానీ ఆ మొదటి కట్టకి పోస్టాఫీసు ఇచ్చిన రసీదు కారు అద్దం దగ్గర పెట్టి మర్చిపోతే ఎండకి తెల్లకాగితం అయిపోయింది. పద్దెనిమిదేళ్ళు బంకులో అలాంటి రసీదులే చింపి జనం చేతిలో పెట్టిన నేనే! అప్పట్నుంచీ ప్రతి రసీదునీ అదే రోజు జిరాక్స్ తీస్తాను.

అందుకే అడిగాను. "సర్‌చార్జ్ రసీదు ఏదీ?"

"అన్న లాప్‌టాప్‌లో కట్టిండు. మెయిల్ ఆయనది పెట్టిండు కావచ్చు."

"నువ్వు డబ్బు పంపినట్టు రుజువు?"

ఫోను తీసి చూపించింది. తేదీ ఉంది, మొత్తం ఉంది, ఎందుకు అనే గడిలో బిర్యానీ అని ఉంది.

"బిర్యానీ ఏమిటి తల్లీ?"

"ఏదో ఒకటి రాయాలి కద అంకుల్. అందరం గట్లనే రాస్తం."

వంటింట్లోంచి మా ఆవిడ, "నాలుగు వేలకి ఎంతమందికి వండారే?" అంది.

కంపెనీవాళ్ళు మంచివాళ్ళు. ఉద్యోగమిస్తున్నామని వీసా కోసం వాళ్ళిచ్చిన మొదటి సర్టిఫికెట్ తిరస్కరణతో చెల్లకుండా పోయింది కాబట్టి ఇంకోటి ఇస్తామన్నారు, కానీ రెండు నెలల్లో అప్లై చెయ్యకపోతే వేరేవాళ్ళని చూసుకుంటామన్నారు. మళ్ళీ సర్‌చార్జ్ కట్టడానికి ఆమె దగ్గర ఆ నాలుగు వేలు తప్ప మరేమీ లేదు. ఉద్యోగం అయిపోయింది, ఇక్కడ ఉండే గడువూ రోజులు లెక్కపెట్టుకుంటోంది. పునఃపరిశీలనకి పెడదామా అంది. దానికి ఎనభై పౌండ్లు, పైగా అది తేలేదాకా సర్‌చార్జ్ తిరిగి రాదు. తప్పు వాళ్ళది కాదు, బిర్యానీది. వద్దన్నాను.

ఆరు వారాలు చూడమన్నారు, చూశాం. రాలేదు. బ్రిటన్ వాళ్ళకి రాస్తే జవాబొచ్చింది: కట్టిన కార్డుకే ఫలానా తేదీన తిప్పి పంపేశాం. ఆ తేదీ దాటి అప్పటికే పన్నెండు రోజులు. ఇర్వింగ్‌కి అమ్మాయి ఫోను చేసి స్పీకర్ మీద పెట్టింది.

"అన్నా, రీఫండ్ వచ్చిందట కద?"

"ఆ కార్డు క్లోజ్ చేసేశానమ్మా, బోనస్ వచ్చాక ఎందుకని. క్లోజ్ అయిన కార్డుకి వస్తే బౌన్స్ అయి వెనక్కి పోతుంది. వెయిట్ చెయ్యి, ఏం కాదు."

నేను అందుకున్నాను. "బౌన్స్ కాదు నాయనా. మూసేసిన ఖాతాలో నీ పేరున నిలవ ఉంటుంది. నువ్వు ఒక ఉత్తరం రాస్తే ఏడు పనిదినాల్లో బ్యాంకువాళ్ళు చెక్కు పంపాలి. అది చట్టం. రాయకపోతే ఆరు నెలల దాకా వాళ్ళకి తొందరేమీ లేదు."

"మీరెవరండీ?"

"నీ పక్క బిల్డింగు అంకుల్‌ని. నీ కారు టైరు మార్చినవాణ్ణి."

"ఓ, నమస్కారమండీ అంకుల్! అలా కాదండీ. ఉత్తరం రాస్తే వాళ్ళు అకౌంట్ తీసి చూస్తారు. నాలుగు వేలు రీఫండ్ అయిందంటే బోనస్ వెనక్కి లాగేస్తారు. ఆ పాయింట్లతో హవాయికి టికెట్లు బుక్ చేసేశానండీ."

అదీ సంగతి. ఒకపక్క ఈ పిల్ల ఉద్యోగం, ఇంకోపక్క ఆయనగారి సముద్రస్నానం. త్రాసులో రెండూ సమానంగా తూగుతున్నాయి పాపం.

"అన్నా, అప్లై చెయ్యనీకి నాకింక తొమ్మిది దినాలే ఉన్నయి," అంది అమ్మాయి.

"మనం మనం తెలుగువాళ్ళం, ఇంత టెన్షన్ ఎందుకమ్మా? అయినా నువ్వు నాకు పంపింది బిర్యానీకి అని ఉంది కదా," అని నవ్వాడు.

హాస్యానికే అన్నాడట. నాకు హాస్యం తక్కువ. "నాయనా, బ్రిటన్ ప్రభుత్వం నీ కార్డుకి బిర్యానీ డబ్బు తిప్పి పంపిందని ఉత్తరం ఇచ్చింది, తేదీతో సహా. ఆమె అప్లికేషన్ మీద సర్‌చార్జ్ నంబరు ఉంది, ఆమె ఫోనులో నీకు డబ్బు పంపిన తేదీ ఉంది. ఈ మూడు కాగితాలూ జిరాక్స్ తీసి ఉంచాను. చిన్న బాకీలు తేల్చే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకి వెళ్ళడానికీ ఫీజు ఉంటుంది. అది నేను కడతాను. రసీదు కూడా దాచుకుంటాను."

అవతల టీవీ కట్టేశాడు. తరవాత, "సాయంత్రం పంపిస్తానండీ," అన్నాడు. ముందు తన చేతి డబ్బు ఇచ్చి, బ్యాంకు దగ్గర తన తిప్పలు తను పడతాడన్నమాట.

పంపాడు. నూట యాభై డాలర్లు తగ్గించి. కారణం గడిలో పాయింట్ లాస్ అని రాశాడు. ఆయన మాత్రం సరిగ్గానే రాస్తాడు! నేను మళ్ళీ ఫోను తీయబోతే అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "వద్దంకుల్. ఇడిసిపెట్టు. నాకు టైం లేదు."

ఆ నూట యాభై మా ఆవిడ పర్సులోంచి వచ్చింది. నన్నడగలేదు.

మర్నాడు మా వంటింటి బల్ల మీదే సర్‌చార్జ్ తన డెబిట్ కార్డుతో, అప్లికేషన్ ఫీజు ఎప్పటిలా తన క్రెడిట్ కార్డు మీద కట్టింది. ఇరవై ఎనిమిది రోజుల లెక్క ఈసారి ఎవరూ అడగలేదు. ఎందుకంటే కొత్త సర్టిఫికెట్‌లో కంపెనీవాళ్ళు మొదటి నెల ఖర్చు మేం చూసుకుంటాం అనే గడిలో టిక్కు పెట్టారు. నేను రాయించిన మెయిలుకి హెచ్ఆర్ ఆవిడ ఒక్క లైనులో జవాబిచ్చింది: అడిగుంటే మొదటిసారే పెట్టేవాళ్ళం. ఆ టిక్కుకి ఫీజు లేదు. ఉచితమైనదేదైనా ఉందని ఎక్కడా పెద్దక్షరాల్లో రాయరు, రుసుములకే ఆ గౌరవం.

సర్‌చార్జ్ నంబరు మెయిలు, అప్లికేషన్ ఫీజు మెయిలు రెండూ తన అడ్రసుకే వచ్చాయి. లైబ్రరీకెళ్ళి ఒక్కోదానికి రెండేసి ప్రింట్లు తీశాం. ఒక సెట్టు అమ్మాయి తన సూట్‌కేసులో అట్టడుగున పెట్టింది. చేతిసంచిలో పెట్టుకోమని మళ్ళీ తీయించాను.

నాలుగో వారంలో వీసా వచ్చింది. వెళ్ళిన నెలకి ఫోను చేసింది. దగ్గు, జ్వరమట.

"మరి డాక్టరుకి చూపించుకోలేదా? మూడేళ్ళకి ముందే కట్టావు కదమ్మా!"

"అపాయింట్‌మెంట్ మూడు వారాలకి దొరికింది అంకుల్. గప్పటికి తగ్గుతదని ఫార్మసీలో సిరప్ కొనుక్కున్న."

"రసీదు తీసుకున్నావా?"

"తీసుకున్న," అంది. దగ్గుతూనే నవ్వింది.