ఎంగిలి కంచం

మా అత్త నా చేతి కూడు తినేటప్పుడు మొహం గోడవైపు తిప్పుకోవడం మొదలుపెట్టింది. చూసి నాకు ఒళ్ళు మండింది. మామ పోయి ఏడాది కూడా తిరగలేదు, దిగులుంటది, నేను కాదనను. దిగులుంటే మాత్రం నా వంట మీద అలకెందుకు? మధ్యాహ్నం అందరం కూర్చోగానే ఆమె కంచం ఎత్తుకోని పెరట్లోకి పొయ్యేది. రెండు ముద్దలు తిని, మిగిలింది కుక్కకు పెట్టేసేది. నా కూతుర్ని అంతకుముందు ఒళ్ళో కూర్చోబెట్టుకుని గోరుముద్దలు పెట్టిన మనిషి, ఇప్పుడు అది దగ్గరికొస్తే “మీ అమ్మ దగ్గరికి పో” అని తోసేది. ఆ కంచం కూడా మామూలుది కాదు. మామ జబ్బులో ఉన్నప్పుడు వేరుగా పెట్టిన స్టీలు కంచం. ఆయన పోయినాక అటకమీద పడేసినదాన్ని ఆమే దించుకున్నది.

ఆ కంచం సంగతి చెప్పాల. మామకు పొగాకు నమిలి నమిలి బుగ్గ లోపల పుండు పడింది. క్యాన్సర్ అన్నారు. చెన్నై దాకా తిప్పినాము, అప్పటికే ఆలస్యమైపోయింది. అంతకుముందు ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మామ ముందు తినేవాడు. కంచంలో కాస్త పులుసు, ఒక చేపముక్క కావాలనే మిగిల్చేవాడు. ఆయన లేచినాక అత్త అదే కంచంలో అన్నం పెట్టుకుని తినేది. పెళ్ళైన కాడ్నించి అంతే. నేను కాపురానికొచ్చిన కొత్తలో, ఇదేం చాదస్తమత్తా, కడుక్కుని తినరాదా అని నవ్వినా. “ఆయన తిన్న కంచంలో తింటేనే నాకు తిన్నట్టుంటది మే” అని ఆమే నన్ను వింతగా చూసింది.

జబ్బని తెలిసినాక వీధిలో ఆడవాళ్ళు వచ్చి చెవిలో ఊదినారు, ఇది ఎంగిలితో అంటుకుంటదంట, ఇంట్లో చిన్నబిడ్డ ఉంది జాగ్రత్త అని. అత్త భయపడిపోయింది. కంచం, గ్లాసు వేరు చేసింది. ఆయన మంచం వరండాలో వేయించింది. ఏ డాక్టర్నీ అడగలేదు. అడిగేదానికి ఏముంది, అందరూ చెప్పేదే కదా అనుకున్నది. ఒకరోజు మామ జావ తాగి, అడుగున కాస్త మిగిల్చి కంచం ఆమె వైపు చాపినాడు. నోరు సరిగా తెరుచుకునేది కాదు, మాట ముద్దగా వచ్చేది. “ఏమే, నువ్వు తిను” అన్నాడు. తనకు కడుపు నిండిందని చెప్పి ఆమె లోపలికి పోయింది. ఆ తర్వాత మామ ఎప్పుడూ మిగల్చలేదు. మెల్లగా లేచి, కొళాయి కాడ తన కంచం తనే కడుక్కుని గోడకు ఆనించేవాడు. చూస్తే ఏడుపొచ్చేది.

అందుకే ఆ కంచంలో అత్త తింటా ఉంటే నాకు దిగులూ కోపమూ రెండూ కలిసి వచ్చేవి. మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టిన రోజు ఇంక ఆగలేకపోయినా. ఈరోజు తేల్చుకోవాల్సిందే అని పెరట్లోకి పోయినా.

ఆమె జామచెట్టు కింద కూర్చోని ఉంది. ముద్ద నోట్లోనే ఉంది, నమలడం లేదు. చెవి ముందర నుంచి ఎడమ బుగ్గంతా ఉబ్బిపోయి ఉంది. అరచేత్తో అదిమి పట్టుకుని ఉంది, కళ్ళల్లో నీళ్ళు. నేను పోట్లాడదామని తెచ్చుకున్న మాటలన్నీ యాడకు పోయినాయో. ఏందత్తా ఇది అని అడిగినా. తినేటప్పుడే ఈ వాపు వస్తదంట, పులుపు పడితే మరీ ఎక్కువంట, అంట్లు తోమే వేళకు మెల్లగా దిగిపోతదంట. నెలల నుంచీ ఇంతే. తర్వాత నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

“ఆయనది నాకు వచ్చింది మే. అన్నేళ్ళు ఆయన ఎంగిలి తిన్నా గదా. పాపను నా దగ్గరికి రానీబాక.”

అప్పుడర్థమైంది నాకు, అలకా కాదు పాడూ కాదు. మామను వేరు చేసినట్టే తనను తాను వేరు చేసుకున్నది. చావుకు సిద్ధమై కూర్చున్నది మహాతల్లి, మాకు ఒక్క మాటైనా చెప్పకుండా.

మా ఆయన ఆ రోజు పొలం పని వదిలేసి మా కొడవలూరు నుంచి నెల్లూరికి ఆటో మాట్లాడినాడు. చెవి ముక్కు గొంతు డాక్టరు నోట్లో వేలు పెట్టి బుగ్గ లోపలా బయటా తడిమి చూసి, స్కానింగుకు రాసిచ్చినాడు. స్కానింగుకు పిలిచేదాకా మా ఆయన కిటికీలోంచి చూస్తా కూర్చున్నాడు. చెన్నైకి మామను తీసుకుపోయిన రోజు కూడా ఇట్నే కూర్చున్నాడు.

స్కానింగ్ గదిలోకి ఆమెతో నేను పోయినా. లేడీ డాక్టరు బుగ్గ మీద చల్లటి జెల్లీ రాసి, చేతిలోని పరికరాన్ని అటూ ఇటూ జరిపింది. తర్వాత నిమ్మకాయ బద్ద ఒకటి చప్పరించమన్నది. అత్త భయపడతానే నోట్లో పెట్టుకున్నది. తెర మీద నల్లటి గొట్టం ఒకటి మెల్లగా లావైంది. దాని చివర తెల్లటి చుక్క, చుక్క కింద నల్లటి నీడ. అది రాయి అన్నది డాక్టరు. ఉమ్మి ఊరే గ్రంథి నుంచి నోట్లోకి ఒక సన్నటి దారి ఉంటదంట, రాయి దానికి అడ్డం పడిందంట. పులుపు తగలగానే ఉమ్మి ఊరుతుంది, బయటకు రాలేక వెనక్కి నిండి బుగ్గ ఉబ్బుతుంది, మెల్లమెల్లగా జారిపోయినాక తగ్గుతుంది. గడ్డలాంటిదేదీ తనకు కనపడలేదని కూడా చెప్పింది. నేను ఏడుకొండలవాడికి అక్కడే దండం పెట్టుకున్నా.

రిపోర్టు చూసి ముందు చూసిన డాక్టరు కూడా అదే మాట అన్నాడు. రాయి దారి చివర్లోనే ఉంది, మొద్దుబారే సూదేసి నోట్లోంచే తీసేస్తాము, నీళ్ళు బాగా తాగాల అన్నాడు. మా ఆయన మొహం కడిగినట్టు తేటపడింది. అత్త మాత్రం కదల్లా.

“ఇది ఎంగిలితో అంటుకున్నదా సార్?” అని అడిగింది.

ఆయన నవ్వి, రాళ్ళు ఎవరి నుంచీ రావమ్మా, ఎవరి గ్రంథిలో వాళ్ళకే ఏర్పడతాయి అన్నాడు.

“మా ఇంటాయన నోటి క్యాన్సర్‌తో పోయినాడు. అది అంటుకుంటదా?”

“అంటుకోదమ్మా. ఒకే కంచంలో తిన్నా ఏమీ కాదు.”

అత్త తల ఊపింది. మంచి మాట విన్నట్టే ఊపింది. తర్వాత ఆ కుర్చీలోనే మెల్లగా ముందుకు ఒరిగిపోయింది.

“అయితే ఉత్తపుణ్యానికి ఆయన్ని వేరు పెట్టినానే,” అన్నది.

సంతోషానికి ఏడుస్తున్నదనుకుని మా ఆయన వీపు నిమిరినాడు. కొళాయి కాడ వంగి కంచం కడుక్కుంటున్న మామే నాకు కనపడతా ఉన్నాడు.

రాయి తీసేసినారు. బియ్యపు నూకంత ఉంది. ఇంతదానికా అనిపించింది. తీసినచోట పుండు మానినాక నేను మళ్ళీ చేపల పులుసు పెట్టినా. అత్త ఆ స్టీలు కంచాన్ని పక్కన పెట్టేసి, వాళ్ళిద్దరూ అన్నేళ్ళు తిన్న పాత కంచం తీసుకుని వంటింట్లోకి వచ్చింది. పాపను పక్కన కూర్చోబెట్టుకున్నది. దానికి ముద్దలు కలిపి పెట్టింది. అది తిని ఆడుకునేదానికి పరిగెత్తింది. ఆమె కంచంలో అన్నం, పులుసు, చేపముక్క అట్నే ఉన్నాయి.

తినత్తా, ఇప్పుడు బుగ్గ వాచదు గదా అన్నా.

“తినాల మే,” అన్నది. కంచాన్ని తన ముందు నుంచి ఎదటికి జరిపింది. “ముందు ఆయన తినాల గదా.”