నాలుగో గడి

పాతికేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు కాబట్టి వీధంతా ఆయన్ని లిఫ్టు మామ అనే పిలుస్తుంది. మనిషి నెమ్మది. ఫోను దగ్గర మాత్రం ఓపిక సున్నా. గ్రీజు చేతులతో ఒకటి నొక్కబోతే ఇంకేదో తెరుచుకునేది, ఆ ఫోను తయారుచేసినవాణ్ణి ఏడు తరాలదాకా తిట్టిపోసేవాడు.

వినలేక ఆ ఉదయం కూతురు ఫోను లాక్కుంది. ఫోనుతోపాటు వచ్చిపడ్డ ఆటలూ, షాపింగు యాప్‌లూ ఊడబెరికింది. ససేమిరా పోనన్నవాటిని డిసేబుల్ చేసి నోరు మూయించింది. మొదటి తెరమీద కాల్ బటనూ, మేనమామ ఫొటో ఉన్న షార్ట్‌కట్టూ పెద్దగా పెట్టింది. పైనుంచి కిందికి లాగితే వచ్చే గడుల్లో పెన్సిలు గుర్తు నొక్కి, నాన్న ఎక్కువగా వాడే టార్చిని నాలుగో చోటునుంచి మొదటి చోటికి జరిపింది. మిగతా మూడూ తలా ఒక గడి పక్కకు జరిగాయి. మూడోదైన ఏరోప్లేన్ మోడ్ నాలుగోదైంది. అదంతా ఆమె చెప్పింది కూడా. ఆయన బూట్ల లేసులు కట్టుకుంటూ ఊఁ కొట్టాడు.

మధ్యాహ్నం ఒక పాత ఆఫీసు భవనంలో ఆయన లిఫ్టు కిందుండే గుంతలోకి దిగాడు. అక్కడ లిఫ్టును ఆపే స్విచ్చి ఎప్పుడో పాడైంది. తనతో పనిచేసే బావమరిది పైన మోటారు గదిలో, స్పీకరు పెట్టిన కాల్‌లో ఉన్నాడు. కాల్ నడుస్తున్నంతసేపూ బావ గుంతలో ఉన్నట్టు, కాల్ కట్ చేస్తే బయటికొచ్చేసినట్టు. పదేళ్లుగా వాళ్ల మధ్య అదే సంకేతం, మళ్లీ మాట అనుకునే పని లేదు.

గోడవైపు బోల్టు చీకట్లో ఉంది. చూపు బోల్టు మీదే ఉంచి, బొటనవేలితో తెర కిందికి లాగి నాలుగో గడి నొక్కాడు. వెలుగు రాలేదు. మళ్లీ నొక్కాడు. అప్పుడు గమనించాడు, స్పీకర్లో బావమరిది ఊపిరి వినబడటం లేదు.

పైన మోటారు మూలిగింది.

నిచ్చెన అందేంత సమయం లేదు. నేలకు అతుక్కుపోయి తల పక్కకు తిప్పుకున్నాడు. లిఫ్టు అడుగు కిందికొచ్చి, చెంపకు జానెడు ఎత్తున ఆగింది. చేతిలో ఫోను మోగింది. తెరమీద బావమరిది మొహం, కూతురు పెట్టినంత పెద్దగా.

"బావా, బయటే ఉన్నావుగా?"

"పైకి లాగరా," అన్నాడు, ఆ గొంతు తనదేనా అనిపించేలా.

సాయంత్రం కూతురు ఎదురొచ్చి, ఇప్పుడు తేలిగ్గా ఉందా నాన్నా అని ఆశగా అడిగింది. గుంతలో జరిగింది దానికి ఈ జన్మలో తెలియకూడదు.

"అంతా బాగుందమ్మా. టార్చి ఒక్కటీ పాతచోట పెట్టెయ్."

ముసలాడికి ఏదీ ఒక పట్టాన నచ్చదని ఆమె నవ్వుతూ ఫోను అందుకుంది.